అడిగింది హక్, దొరికింది అడ్వాన్స్

పోయిన జుమా నాడు ఆపా వాళ్లింట్లో దావత్. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మా భాన్జీ నా పక్కన వచ్చి కూర్చుంది. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లో నౌక్రీ చేస్తది. పోయిన రంజాన్ తర్వాత అక్కడ ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ ఫైళ్లు చూసే మనిషి మానేశాడట. "కొత్త మనిషి వచ్చేదాకా నువ్వు చూడమ్మా" అన్నారట. ఏడాది కావస్తోంది, కొత్త మనిషి రాలేదు. బిల్లింగ్ ఈమెదే, ఫైళ్లూ ఈమెవే. తన్ఖా మాత్రం అదే 14,000.

"మామూ, రేపు పోయి అడుగుదామనుకుంటున్న. అబ్బా రిటైరయిండు, చెల్లె షాదీ ఉంది, ఈ తన్ఖాతో గుజారా అయితలేదని చెప్త. ఇయ్యకుంటే ఇడిసిపెడ్త" అంది.

"రేపు పోకు" అన్నాను. "ఆ మాటలైతే అసలే చెప్పకు."

ఆమె ముఖం చిన్నబోయింది. చెల్లి షాదీ సంగతి అబద్ధం కాదు కదా అన్నట్టు చూసింది. అబద్ధం కాదు. కానీ అలాంటి నిజాలే చెప్పి నేనొకసారి ఖాళీ చేతులతో కాదు, అప్పుతో తిరిగొచ్చాను. ఆ కిస్సా ఆమెకు చెప్పాను. మీకూ చెబుతాను. ఎందుకంటే మన ఇళ్లలో తన్ఖా గురించి మనం రెండే రకాలుగా మాట్లాడతాం. ఒకటి షికాయత్, రెండోది సబర్. మధ్యలో హిసాబ్ అనేది ఒకటుందని మనకు ఎవరూ నేర్పలేదు.

2016 అక్టోబర్ 11, దసరా రోజు. కొత్త జిల్లాలు వచ్చాయి. మన పాత వరంగల్ జిల్లా ఒక్కటే ఐదైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. ఊళ్లలో పటాకులు కాల్చారు. పత్రికాఫీసుల్లో మాత్రం ఆ రాత్రి నుంచి లెక్క మారిపోయింది. జిల్లా అంటే దానికో పేజీ కావాలి, దానికో ఇంఛార్జ్ కావాలి, అక్కడి కంట్రిబ్యూటర్ల కాపీ ఎవరో ఒకరు దిద్దాలి. నేనప్పుడు ఒక పత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని. రాత్రికి రెండు పేజీలు చూసేవాణ్ణి, తొమ్మిది మంది కంట్రిబ్యూటర్లు రాసింది దిద్దేవాణ్ణి. నెల తిరిగేసరికి జనగామ, మహబూబాబాద్ పేజీలు నా నెత్తిన పడ్డాయి. రెండు పేజీలు ఆరయ్యాయి. తొమ్మిది మంది ఇరవై ఆరు మందయ్యారు. అంతలో మా సీనియర్ ఒకాయన వెళ్లిపోయాడు, ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కొత్తగా వచ్చిన ఇద్దరు పిల్లలకు పని నేర్పే జిమ్మేదారీ కూడా నాకే వచ్చింది. నా తన్ఖా 21,000.

డిసెంబర్‌లో ఓపిక అయిపోయింది. ఒక రాత్రి తొమ్మిది గంటలకు, పేజీలు ఇంకా రిలీజ్ కాకముందే, కారిడార్లో మేనేజర్ ఎదురొస్తే ఆపేశాను. మండీబజార్లో ఇంటి కిరాయా పెరిగిందని, అబ్బాకు ఆపరేషన్ ఉందని, పిల్లల ఫీజులు కట్టాలని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఖర్చులు అందరికీ ఉన్నాయి భాయ్. నోట్ల రద్దు తర్వాత యాడ్లు ఎట్లా పడిపోయాయో నువ్వే చూస్తున్నావు కదా" అన్నాడు. మర్నాడు పిలిచి, పాపం మంచిగానే, 5,000 అడ్వాన్స్ మంజూరు చేయించాడు. నెలకు వెయ్యి చొప్పున ఐదు నెలలు కోత.

వోచర్ మీద సంతకం పెట్టి బయటికొచ్చాక అర్థమైంది. నేను అడగబోయింది హక్. నేను మాట్లాడిన జబాన్ మాత్రం అవసరంలో ఉన్నవాడిది. అవసరంలో ఉన్నవాడికి ఎవరైనా ఏమిస్తారు? అప్పిస్తారు, లేదంటే ఖైరాత్ ఇస్తారు. ఆయన తప్పేం లేదు. నా మాటల్లో పని గురించి ఒక్క ముక్క లేదు. ఆరు పేజీల సంగతి ఆయనకు తెలుసులే అనుకున్నాను. ఆయనకు తెలియదు. పేజీలు టైముకి వస్తున్నంతకాలం వాటి వెనక ఎవరున్నారో పైవాళ్లకు కనబడదు. పని బాగా చేసేవాడికి ఉండే పెద్ద నష్టం ఇదే.

ఇంటి ఖర్చు చెప్పడంలో ఇంకో చిక్కుంది. నా పక్క సీటాయనకు ముగ్గురు పిల్లలు, నాకు ఇద్దరు. అవసరాన్ని బట్టే తన్ఖా ఇచ్చేటట్టయితే ముందు ఆయనకే పెంచాలి. షాదీ కాని కుర్రాడికి అసలు పెంచకూడదు. కాబట్టి ఆ దలీల్ మనకే ఎదురు తిరుగుతుంది. పని సంగతి అట్లా కాదు. ఆరు పేజీలు ఎవరు చేసినా ఆరు పేజీలే.

2017 జనవరి ఒకటి నుంచి ఒక పాకెట్ డైరీ పెట్టాను. ఇంటికి బయల్దేరే ముందు రోజుకో లైను రాసేవాణ్ణి: ఎన్ని పేజీలు, ఆఖరి పేజీ ఎన్నింటికి రిలీజైంది, ఎవరు సెలవు, నేను అదనంగా ఏం చేశాను. అర నిమిషం పని. కోపం వచ్చిన రోజు కోపం రాయలేదు, టైము రాశాను. ఏడాది తిరిగేసరికి ఆ డైరీ నాకు తెలియని సంగతులు కూడా చెప్పింది. మా డెడ్‌లైన్ రాత్రి పదిన్నర. జనవరి, ఫిబ్రవరి, మార్చిలో కలిపి 19 రాత్రులు ఆలస్యమయ్యాం. అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లో మూడే మూడు రాత్రులు. ఆ మధ్య కాలంలో ఇద్దరు పిల్లలు పని నేర్చుకున్నారు, నేర్పింది నేను. "మెహనత్ చేశాను సార్" అంటే ఎవరైనా అనగలరు. 19 నుంచి 3కి అన్నప్పుడు మెహనత్ దానంతట అదే కనబడుతుంది.

ఇక మౌఖా. ఏడాది నిండగానే పరిగెత్తలేదు. మా ఆఫీసులో ఇంక్రిమెంట్లు ఏప్రిల్ తన్ఖాలో పడేవి. లెటర్లు వచ్చాక అడిగితే ఏడాది పోయినట్టే. అసలు లెక్కలు ఫిబ్రవరి, మార్చిలో హైదరాబాద్‌కు పోతాయి. అంటే ఫిబ్రవరిలో అడగాలి. కానీ 2018లో జనవరి 31 నుంచి ఫిబ్రవరి 3 దాకా మేడారం జాతర. వరంగల్‌లో పత్రికలో పనిచేసినవాడికి జాతరంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ పది రోజులు ఎవరికీ ఇల్లు ఉండదు, నిద్ర ఉండదు. ప్రత్యేక పేజీలు, యాడ్లు, అడవిలో సిగ్నల్ లేని రిపోర్టర్ల ఫోన్లు. అప్పుడు తన్ఖా మాటెత్తితే బెదిరించినట్టుంటుంది. జాతర అయి, పేజీలన్నీ బాగా వచ్చి, అందరూ ఊపిరి పీల్చుకున్నాక వారం ఆగాను. ఈసారి కారిడార్లో ఆపలేదు. "ఈ వారంలో ఒక ఇరవై నిమిషాలు కావాలి సార్, నా పని గురించి మాట్లాడాలి" అని ముందే అడిగాను. ఆయన సాయంత్రం నాలుగు గంటలకు రమ్మన్నాడు. డెస్క్ మీటింగ్‌కి ముందు ఉండే నెమ్మది వేళ అది.

ఒకటే కాగితం తీసుకెళ్లాను. పైన, చేరినప్పుడు నా పని ఏమిటి: రెండు పేజీలు, తొమ్మిది మంది. దాని కింద, ఇప్పుడు ఏమిటి: ఆరు పేజీలు, ఇరవై ఆరు మంది, ఇద్దరికి ట్రైనింగ్, పద్నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న కుర్చీ పని. తర్వాత ఫలితం: ఆలస్యాల లెక్క. ఆగస్టులో ఒక ఫొటో కింద తప్పు పేరు పోయింది, మర్నాడు సవరణ వేయాల్సి వచ్చింది. అది కూడా రాశాను. దాచినా వాళ్లకు గుర్తుంటుంది. మనమే రాస్తే మిగతా లెక్కల మీద వాళ్లకు నమ్మకం కుదురుతుంది. ఆ సీనియర్ తన్ఖా ఎంతో నాకు తెలుసు, కానీ రాయలేదు. ఇంకొకరి తన్ఖా మన నోట రాకూడదు. కుర్చీ ఖాళీగా ఉందంటే చాలు, మిగిలింది ఎంతో మేనేజర్‌కు మనకంటే బాగా తెలుసు. అన్నిటికన్నా కింద ఒక్క వాక్యం: డెస్క్ ఇంఛార్జ్ హోదా, 29,000 తన్ఖా. మధ్యలో ఏప్రిల్‌లో అయిదు శాతం కలిసి నాకప్పుడు వస్తున్నది 22,050.

ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. "ఇంత కుదరదు భాయ్. ఈసారి ఎవరికైనా ఎనిమిది శాతం దాటొద్దన్నారు" అన్నాడు.

ఈ మాట దగ్గరే చాలామంది లేచి వచ్చేస్తారు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. ఇంక్రిమెంట్ వేరు, రివిజన్ వేరు. ఇంక్రిమెంట్ అంటే అదే పనికి ఏడాదికోసారి అందరికీ ఇంతో అంతో కలిపేది. దానికి పరిమితి పెడతారు. రివిజన్ అంటే పనే మారిపోయింది కాబట్టి తన్ఖాను కొత్తగా కట్టడం. మా ఆఫీసులో అది వేరే ఫైలు, వేరే సంతకం. అందుకే నేను ఎనిమిది శాతంతో కొట్లాడలేదు. "అది అందరితోపాటు రానివ్వండి సార్. హోదా మార్పు కోసం మీరు హెడ్డాఫీసుకు రాయగలరా? రాస్తే ఎప్పట్లోగా తెలుస్తుంది?" అని అడిగాను. తర్వాత నోరు మూసుకున్నాను. ఆ నిశ్శబ్దం మోయడం కష్టం. మనమే ఏదో ఒకటి అనేసి మన రేటు మనమే తగ్గించుకుంటాం. ఆయన కాసేపు పెన్ను తిప్పి, "రాస్తాను. జూన్ దాకా టైమివ్వు" అన్నాడు.

ఆ సాయంత్రమే మూడు లైన్ల మెయిల్ పంపాను. ఇవాళ మాట్లాడినందుకు షుక్రియా, హోదా ప్రతిపాదన మీరు పంపుతానన్నారు, జూన్‌లో మళ్లీ కలుస్తాను. అంతే. ఇది అనుమానం కాదు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పులు, లావాదేవీలు రాసి పెట్టుకోమని చెప్పేదే. రాయడం అంటే ఎదుటివాణ్ణి దొంగ అనడం కాదు, ఇద్దరికీ మతిమరుపు ఉంటుందని ఒప్పుకోవడం.

ఏప్రిల్‌లో ఎనిమిది శాతం వచ్చింది, 23,814 అయింది. జూన్‌లో గుర్తు చేశాను. జులైలో హోదాతో పాటు 26,500 లెటర్ వచ్చింది. అడిగిన 29,000 రాలేదు. వచ్చినదాంట్లో కూడా ఒక మెలిక ఉంది. పెరిగిన 2,686 మొత్తం స్పెషల్ అలవెన్స్‌లో వేశారు. చేతికి వచ్చేది ఒకటే అయినా, బేసిక్‌లో పెరగడం వేరు, అలవెన్స్‌లో పెరగడం వేరు. గ్రాట్యుటీ ఆఖరి బేసిక్, డీఏ మీద లెక్కగట్టేవాళ్లు: దాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. బేసిక్‌లో 2,000 పెరిగితే ప్రతి సర్వీసు ఏడాదికీ దాదాపు 1,154 తేడా. పదిహేనేళ్ల సర్వీసుకు 17,308. ఈ లెక్క చూపించి అకౌంట్స్‌లో మర్యాదగా అడిగితే 2,000 బేసిక్‌లోకి మార్చారు, 686 అలవెన్స్‌లో ఉంచారు. లెటర్ చేతికొచ్చిన సంబరంలో మనం మొత్తమే చూస్తాం, ఏ గళ్లో వేశారో చూడం.

ఇది అన్నిచోట్లా నడుస్తుందని చెప్పను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నా డైరీలో ఎన్ని సబూత్‌లున్నా అడగలేదు. పత్రికలు పలచబడి, యాడ్లు ఆగిపోయి, పక్కవాళ్ల నౌక్రీలు పోతున్నప్పుడు కాగితం పట్టుకుని పోతే అది మౌఖా కాదు. డబ్బు నిజంగా లేనిచోట ఎంత మంచి లెక్కైనా పనిచేయదు. డబ్బుండీ ఇవ్వనిచోటు ఎట్లా తెలుస్తుంది? "చూద్దాం" అంటారు, తేదీ చెప్పరు. తేదీ చెప్పినా అది దాటిపోతుంది, మళ్లీ ఇంకో "చూద్దాం" వస్తుంది. రెండుసార్లు అట్లా అయితే అది జవాబే, "లేదు" అనే జవాబు. అప్పుడు కూడా ఆ కాగితం వృథా పోదు, వేరేచోట ఇంటర్వ్యూకి అదే పనికొస్తుంది. కానీ చేతిలో ఇంకో నౌక్రీ లేకుండా "ఇడిసిపెడ్త" అనొద్దు. సరే పో అంటే ఏం చేస్తాం?

మా ఇంట్లో పెద్దవాళ్లు ఇదంతా విని, రిజ్క్ అల్లాహ్ ఇస్తాడు, నోరు తెరిచి అడగడం బేషర్మీ అంటారు. రిజ్క్ ఇచ్చేది అల్లాహ్‌యే, అందులో షక్ లేదు. కానీ హజ్రత్ మూసా మద్యన్‌లో పనికి కుదిరిన కిస్సా మనకు తెలిసిందే. ఆ బుజుర్గ్ తన కూతురితో నికాహ్ చేస్తానన్నప్పుడు షరతు ముందే చెప్పాడు. ఎనిమిదేళ్లు పని ఒప్పందం, పదేళ్లు పూర్తి చేస్తే ఆ రెండేళ్లూ మూసా తన తరఫున చేసేది. ఒప్పందం ఎంత, దాని మీద ఎహసాన్ ఎంత అనేది ఇద్దరికీ తెలుసు. ఒక పైగంబర్ పని లెక్క అంత సాఫ్‌గా ఉన్నప్పుడు, మన పని లెక్క మాట్లాడుకుంటే బేషర్మీ ఎట్లా అవుతుంది? అదనపు పని ఎహసాన్‌గా చేయొచ్చు. కానీ అది ఎహసాన్ అని ఎదుటివాళ్లకు తెలియకుండా ఏళ్లకేళ్లు చేస్తే అదే మన డ్యూటీ అయిపోతుంది. ఆ తర్వాత ఒకరోజు ఆపితే మనమే కామ్‌చోర్.

ఇదంతా విని భాన్జీ అడిగింది, "నేను డైరీ రాయలే కదా మామూ?"

డైరీ లేకపోయినా రిజిస్టర్ ఉంటుంది. రోజుకు ఎన్ని ఫైళ్లు పంపింది, క్వెరీతో ఎన్ని వెనక్కి వచ్చాయి, మొదటి మూడు నెలల్లో ఎన్ని, ఈ మూడు నెలల్లో ఎన్ని. అంకెలు మాత్రమే రాసుకోమన్నాను. పేషెంట్ల పేర్లు, కాగితాల ఫొటోలు ఇంటికి తేవద్దని గట్టిగా చెప్పాను. అవి మన సబూత్ కాదు, వాళ్ల అమానత్. అదీగాక, తన్ఖా అడగడానికి పోయిన పిల్ల మీద కాగితాలు బయటికి తీసుకెళ్లిందన్న ఇల్జామ్ వస్తే మొత్తం పోతుంది. ఆరోగ్యశ్రీ బకాయిలు రాక ఆస్పత్రివాళ్లు తలపట్టుకున్న వారంలో పోవద్దు, నెలాఖరు క్లోజింగ్‌లో పోవద్దు. పెద్ద బిల్లులు ఏవైనా క్లియరైన తర్వాతి రోజుల్లో టైము అడిగి పోవాలి. ఆ బిల్లుల ఫైళ్లు చేసింది ఆమే కదా, ఆ మాట చెప్పడానికి అంతకంటే మంచి రోజు ఉండదు.

"మరి చెల్లె షాదీ సంగతి?" అంది.

"అది నాకు చెప్పు, ఆపాకు చెప్పు, దువాలో చెప్పు. ఆఫీసులో ఫైళ్ల సంగతి చెప్పు" అన్నాను.

నిన్న రాత్రి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. నోటుబుక్కులో రెండు గీతలు గీసి, మూడు గళ్లు చేసి, పైన తేదీలు వేసింది. మొదటి మూడు నెలల్లో వెనక్కి వచ్చిన ఫైళ్లు 41. ఈ మూడు నెలల్లో 12. కింద రాసింది: "మామూ, ఇంత చేసిన్నని నాకే తెల్వదు."